అందరికీ వచ్చిందా, మనకే వచ్చిందా?

ఇంటర్నెట్‌కు నేరుగా తగిలించిన ఏ సర్వర్‌లోనైనా ఫైర్‌వాల్ లాగ్ తెరిచి చూడండి. BLOCK, BLOCK, BLOCK అంటూ ఒకే మాట కింద దాకా కనిపిస్తుంది. ఫలానా అడ్రసు నుంచి ఏదో వచ్చింది, లోపలికి రానివ్వకుండా ఆపేశాను అని ఫైర్‌వాల్ రాసుకున్న చిట్టా అది. సర్వర్‌ను ఇవాళే అద్దెకు తీసుకుని ఉండొచ్చు, దానికింకా పేరైనా పెట్టి ఉండకపోవచ్చు, దాని అడ్రసు మీరు ఎవరికీ చెప్పి ఉండకపోవచ్చు. అయినా ఆన్ చేసిన కొద్ది నిమిషాల్లోనే మొదటి లైను పడుతుంది. తెల్లారేసరికి వేలల్లోకి చేరుతుంది. మొదటిసారి చూసినవాళ్లకు కాళ్లూ చేతులూ ఆడవు. "మా సంస్థ మీద రోజుకు ఇన్ని వేల దాడులు" అంటూ మీటింగుల్లో చూపించే పటాలు చాలావరకు ఈ లైన్లను కూడగా వచ్చిన అంకెలే.

ఆ అంకెకు విలువ లేదని నా గట్టి అభిప్రాయం. పదివేల లైన్లు పడ్డ రోజు ప్రశాంతంగా గడిచిపోవచ్చు. రెండే రెండు లైన్లు పడ్డ రాత్రి నిజంగా ఎవరో మన గుమ్మం దాకా వచ్చి ఉండొచ్చు. లాగ్‌లో ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టడం మానేసి ఒక్కో లైను దగ్గర ఆగి అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఈ అడ్రసులో మనం కాక ఇంకెవరున్నా ఈ ప్యాకెట్ వచ్చేదా? వచ్చేదే అయితే అది ఇంటర్నెట్‌లో రాత్రింబవళ్లు ఉండే రొద. మనం ఉన్నాం గనకే వచ్చిందంటే దాని సంగతి వేరు.

ఆ రొద ఎంత మామూలు విషయమో తెలియాలంటే దాన్ని పుట్టించే పరికరాలను చూడాలి. పాత పద్ధతి ఇంటర్నెట్ అడ్రసులు మొత్తం సుమారు 429 కోట్లు. చాలా పెద్ద సంఖ్యే, కానీ కంప్యూటర్‌కు కాదు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో జీమ్యాప్ అనే ప్రోగ్రామును విడుదల చేశారు. సెకనుకు ఒక గిగాబిట్ వేగమున్న లైను మీద, ఒకే మెషీన్‌తో, ఒక పోర్టు తెరిచి ఉందా లేదా అని ఆ అడ్రసులన్నిటినీ ముప్పావుగంటలోపు అడిగేయగలదని వాళ్లు చూపించారు. అదే ఏడు మాస్‌స్కాన్ అనే మరో ప్రోగ్రామూ వచ్చింది. రెండూ ఉచితమే. ఇప్పుడు షోడాన్, సెన్సిస్ లాంటి సంస్థలు ప్రపంచంలో ఏ అడ్రసులో ఏం నడుస్తోందో రోజూ తడిమి జాబితాలు కడతాయి. విశ్వవిద్యాలయాలు పరిశోధన కోసం తడుముతాయి. వైరస్ సోకిన కెమెరాలు, రూటర్లు తమలాంటి వాటి కోసం తడుముతాయి. వీటిలో ఏదీ మన పేరు తెలిసి వచ్చింది కాదు. వీధిలో ప్రతి గేటూ ఊపుకుంటూ పోయేవాడు మన గేటూ ఊపాడు, అంతే.

ఇప్పుడు ఒక లైనును దగ్గరగా చూద్దాం. ఉబుంటు సర్వర్లలో ఉండే యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ ఇలా రాస్తుంది (కొన్ని భాగాలు తీసేశాను, ఈ వ్యాసంలోని అడ్రసులన్నీ ఉదాహరణల కోసమే ప్రత్యేకించినవి, ఎవరివీ కావు):

```
[UFW BLOCK] IN=eth0 OUT= SRC=198.51.100.77 DST=203.0.113.25
LEN=40 TTL=241 ID=54321 PROTO=TCP SPT=40112 DPT=23
WINDOW=65535 SYN
```

SRC అంటే పంపినవాళ్ల అడ్రసు, DST అంటే మనది. DPT అనేది మన దగ్గర వాళ్లు తట్టిన పోర్టు. 23 అంటే టెల్నెట్, పాత కెమెరాల్లో, రూటర్లలో తెరిచి వదిలేసే ద్వారం. SYN అంటే కనెక్షన్ మొదలుపెడదామా అని అడిగే మొట్టమొదటి ప్యాకెట్. ఇంతవరకు చాలామంది చూస్తారు. అసలు కబురంతా చూడకుండా వదిలేసే మిగతా అంకెల్లో ఉంది.

LEN=40 అంటే ప్యాకెట్ మొత్తం నలభై బైట్లు, అంటే తప్పనిసరి తలకట్టు తప్ప ఇంకేమీ లేదు. నిజమైన కంప్యూటర్ నిజంగా కనెక్షన్ కోరినప్పుడు ఇంత పొదుపుగా ఉండదు. తనకు ఏయే సదుపాయాలున్నాయో ఆ మొదటి ప్యాకెట్‌లోనే చెప్పుకుంటుంది. అందుకే లినక్స్ పంపే SYN మామూలుగా 60 బైట్లు, విండోస్ పంపేది 52 ఉంటుంది. నలభై ఉందంటే దాన్ని ఏదో స్కానింగ్ ప్రోగ్రాము చేత్తో కుట్టి వదిలిందని అనుకోవచ్చు. ఆ పక్కనున్న ID=54321 చూడండి. ప్రతి ప్యాకెట్‌కూ ఉండాల్సిన ఈ గుర్తింపు సంఖ్యను జీమ్యాప్ చాలాకాలం పాటు మార్చకుండా అలాగే పంపేది. తన ముద్ర తానే వేసుకుని వచ్చిన ప్యాకెట్ ఇది. ఇక దీని గురించి ఆలోచించనక్కర్లేదు.

ఇంతకంటే చక్కటి ముద్ర మిరాయ్‌ది. 2016లో లక్షలాది కెమెరాలనూ రూటర్లనూ చేజిక్కించుకుని, అక్టోబరు 21న డిన్ అనే సంస్థ మీద విరుచుకుపడి అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను అందకుండా చేసిన పురుగు అది. దాని కోడ్ బయటపడడంతో పిల్లలూ మనవలూ పుట్టుకొచ్చాయి. మిరాయ్ పదిసార్లలో తొమ్మిదిసార్లు 23వ పోర్టునూ ఒకసారి 2323నూ తడుతుంది. ప్రతి SYN ప్యాకెట్‌లోనూ యాదృచ్ఛికంగా ఉండాల్సిన వరుస సంఖ్య ఒకటుంటుంది. మిరాయ్ ఆ చోట తాను తడుతున్న అడ్రసునే పెడుతుంది. జవాబు వచ్చినప్పుడు అది తన ప్రశ్నకు వచ్చిందేనా అని గుర్తుపట్టడానికి దాని ఏర్పాటు అది. మన 203.0.113.25ను ఒకే సంఖ్యగా మారిస్తే 3405803801 అవుతుంది. ఐపీటేబుల్స్‌లో లాగ్ నియమానికి --log-tcp-sequence అని చేరిస్తే లైనులో SEQ కూడా పడుతుంది. అక్కడ SEQ=3405803801 కనిపిస్తే ఇక వాదన అనవసరం. కాకతాళీయంగా అలా కుదిరే అవకాశం 429 కోట్లలో ఒకటి.

రొద అంతా స్కానింగే అనుకోవడమూ పొరపాటే. కొత్తవాళ్లను ఎక్కువగా భయపెట్టేది SPT=443 అని ఉండి, పేరున్న పెద్ద కంపెనీ అడ్రసు నుంచి వచ్చి, SYN బదులు ACK FIN అనో RST అనో ఉన్న లైను. "ఫలానా కంపెనీ మన మీద దాడి చేస్తోందా?" అన్న ప్రశ్న అక్కడి నుంచే పుడుతుంది. మన ఆఫీసులో ఎవరో ఆ వెబ్‌సైటు చూసి మూసేశారు. అవతలి సర్వర్ వీడ్కోలు ప్యాకెట్ కాస్త ఆలస్యంగా వచ్చింది. అప్పటికే ఫైర్‌వాల్ ఆ కనెక్షన్‌ను తన పట్టీలోంచి కొట్టేసింది కాబట్టి ముక్కూమొహం తెలియని ప్యాకెట్‌గా లెక్కగట్టి ఆపేసింది. అంతకుమించి అందులో ఏమీ లేదు.

ACK SYN అని ఉండే లైన్లు ఇంకో రకం. మనం ఏమీ అడక్కుండానే జవాబు వచ్చిందన్నమాట. ఎవరో ఎక్కడో ఒక సర్వర్‌ను ముంచెత్తుతూ, తమ అడ్రసు దాచుకోవడానికి దొంగ అడ్రసులు వేస్తున్నారు. అందులో మనదీ పడింది. పాపం ఆ సర్వర్ మనమే అడిగామనుకుని జవాబిస్తోంది. దాడి నిజమే, కానీ మన మీద కాదు.

అద్దె సర్వర్లలో ఇంకొకటి ఉంది. మీకొచ్చిన అడ్రసు నిన్నటిదాకా ఇంకొకరిది. పాత యజమాని టొరెంట్లు నడిపి ఉంటే వందలాది అడ్రసుల నుంచి ఒకే పోర్టుకు వారాల తరబడి ప్యాకెట్లు వస్తూనే ఉంటాయి. ఇల్లు మారినా పాత అడ్రసుకు ఉత్తరాలు ఆగవు కదా. ఇది చూడ్డానికి సమష్టి దాడిలా ఉంటుంది. మన ప్రశ్ననే వేస్తే, ఇక్కడ మీరున్నా ఇంకెవరున్నా అవి వచ్చేవే.

మన ఇళ్లలో ఈ ప్రయోగం చేయబోయేవాళ్లకు ఒక మాట. చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఇళ్ల కనెక్షన్లకు సొంత అడ్రసు ఇవ్వకుండా వందల ఇళ్లను ఒకే అడ్రసు వెనక పెడుతున్నాయి. మీ రూటర్‌లో బయటి అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీదీ ఆ కోవే. అప్పుడు లాగ్ దాదాపు ఖాళీగా ఉంటుంది. రొద మీ దాకా రాకుండా కంపెనీ దగ్గరే ఆగిపోతోంది.

ఇక లైన్లను లెక్కపెట్టి నమ్మకూడదనడానికి ఇంకో కారణం. యూఎఫ్‌డబ్ల్యూ మామూలు అమరికలో నిమిషానికి మూడు లైన్లు, మొదట ఒక్కసారిగా పది దాకా మాత్రమే రాస్తుంది. మిగతా ప్యాకెట్లను ఆపుతుంది కానీ రాయదు. డిస్కు నిండిపోకుండా పెట్టిన హద్దు అది. కాబట్టి టెల్నెట్ రొద జోరుగా ఉన్న సమయంలో చూడాల్సిన ఆ ఒక్క ప్యాకెట్ చిట్టాకెక్కకుండానే పోవచ్చు. గోల చేసేవాడి చాటున మెల్లగా వచ్చేవాడు దాక్కోవడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదు. నిజంగా లాగ్ చదవాలనుకునేవాళ్లు 23 లాంటి రొద పోర్టులను ముందే ఒక నియమంతో చప్పుడు చేయకుండా ఆపేసి, మిగిలినవాటికి ఆ హద్దు ఎత్తేయడం మంచిది.

ఇదంతా ఒకచోట ఎలా పనికొస్తుందో చూడ్డానికి విజయవాడలో ఒక ఆడిటర్ ఆఫీసును ఊహిద్దాం. ఇంటర్నెట్ కంపెనీ వాళ్లకు మూడు స్థిరమైన అడ్రసులిచ్చింది. మొదటిదైన 203.0.113.25 మీద ఆఫీసు మెయిలూ, బ్రౌజర్‌లో మెయిల్ చూసుకునే పేజీ నడుస్తాయి. చివర 26, 27 ఉన్న రెండూ ఖాళీ. అకౌంట్ల మెషీన్‌ను గుంటూరు బ్రాంచి వాళ్లు రిమోట్ డెస్క్‌టాప్‌తో వాడతారు. దానికి అందరికీ తెలిసిన 3389 పోర్టు కాకుండా 47113 పెట్టారు. మొదట్లో ఎవరికైనా తెరిచే ఉంచి, ఈమధ్యే బ్రాంచి అడ్రసుకు తప్ప అందరికీ మూసేశారు. సెప్టెంబరు నెల, ట్యాక్స్ ఆడిట్ గడువు దగ్గరపడి అందరూ తలమునకలై ఉన్నారు. సిస్టమ్స్ చూసుకునే కుర్రాడు సోమవారం పొద్దున వారం లాగ్‌ను ఇలా కూడాడు:

```
grep 'UFW BLOCK' /var/log/ufw.log | grep 'PROTO=TCP' |
grep -oE 'DST=[0-9.]+|DPT=[0-9]+' | paste - - |
sort | uniq -c | sort -rn
```

ఏ అడ్రసులో ఏ పోర్టును ఎన్నిసార్లు తట్టారో వరుసగా వస్తుంది. పైన 23, 22, 3389 వేలల్లోనూ వందల్లోనూ ఉన్నాయి. మూడు అడ్రసుల్లోనూ ఇంచుమించు ఒకే లెక్క. ఖాళీ అడ్రసుల వల్ల వచ్చే లాభం ఇదే. 26, 27లలో ఏమీ లేదు, వాటికి పేరూ లేదు. అక్కడ పడిందంతా ఎవరికైనా పడేదే. కాబట్టి 25లో పడి మిగతా రెంటిలో పడని వాటినే చూడాలి. ఆ జాబితా అడుగుకు దిగితే ఇది కనిపించింది:

```
31 DST=203.0.113.25  DPT=47113
 1 DST=203.0.113.26  DPT=47113
```

పైనున్న వేల లైన్ల కంటే ఈ ముప్పై ఒకటే ముఖ్యం. ఆడిటర్ గారు వెనక నుంచి చూసి అడిగారు.

"ఏంటయ్యా, మన అకౌంట్ల మెషీన్ మీద ఎవరైనా పడ్డారా?"

"ఇంకా చెప్పలేను సార్. ముప్పై ఒకటీ ఒకే రకం కాదు. విడదీసి చూస్తాను."

విడదీస్తే, ఒక లైను 26ను తట్టిన అడ్రసు నుంచే వచ్చింది. 65,535 పోర్టులనూ దశలవారీగా తడిమే స్కానర్ అది. పోర్టు నంబరు మార్చితే దాక్కున్నట్టే అనుకునేవాళ్లు ఇలాంటివి ఉన్నాయని గుర్తుంచుకోవాలి. అది పోగా ఇరవై ఎనిమిది లైన్లు నాలుగేసి చొప్పున గుంపులుగా ఉన్నాయి. ఒక గుంపు ఇలా ఉంది:

```
09:42:10 SRC=192.0.2.140 LEN=52 TTL=113 SPT=51877 DPT=47113 SYN
09:42:11 SRC=192.0.2.140 LEN=52 TTL=113 SPT=51877 DPT=47113 SYN
09:42:13 SRC=192.0.2.140 LEN=52 TTL=113 SPT=51877 DPT=47113 SYN
09:42:17 SRC=192.0.2.140 LEN=52 TTL=113 SPT=51877 DPT=47113 SYN
```

LEN=52, విండోస్ SYN. TTL అనేది ప్యాకెట్ దారిలో ఒక్కో రూటర్ దాటినప్పుడల్లా ఒకటి తగ్గే అంకె. విండోస్ 128తో మొదలుపెడుతుంది. 113 మిగిలిందంటే పదిహేను రూటర్లు దాటి వచ్చిందన్నమాట, నమ్మదగిన లెక్కే. పంపిన పోర్టు SPT నాలుగింటిలోనూ ఒకటే. వ్యవధి ఒక సెకను, రెండు, నాలుగు, అంటే రెట్టింపవుతూ పోయింది. జవాబు రాకపోతే మళ్లీ అడిగి, ఇంకాస్త ఆగి మళ్లీ అడిగి, చివరికి వదిలేసే ఆపరేటింగ్ సిస్టమ్ నడక ఇది. కోట్ల అడ్రసులను తడమాల్సిన స్కానర్ ఒకసారి అడిగి ముందుకు పోతుంది, ఒక్కడి గుమ్మం దగ్గర ఇంతసేపు నిలబడదు. ఏడు గుంపులూ ఆఫీసు వేళల్లోనే వచ్చాయి. అడ్రసులు మారుతున్నా అన్నీ ఒకే ఇంటర్నెట్ కంపెనీవి. కుర్రాడు ఆఫీసులో వాకబు చేస్తే తేలింది: మంగళగిరిలో ఇంటి నుంచి పనిచేస్తున్న ఒక అసిస్టెంటుకు బ్రాంచి తప్ప మిగతావాళ్లకు దారి మూసేసిన సంగతి ఎవరూ చెప్పలేదు. ఆవిడ రోజూ ప్రయత్నించి, "సర్వర్ డౌన్" అనుకుని ఊరుకుంటోంది.

మన ప్రశ్న ఒక్కటే సరిపోదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఈ ఇరవై ఎనిమిదీ మనం ఉన్నాం గనకే వచ్చినవి, అయినా దాడి కావు. మన కోసం వచ్చినవాళ్లలో మనవాళ్లెవరో ముందు ఏరేయాలి.

మిగిలినవి రెండు లైన్లు. శుక్రవారం తెల్లవారుజాము 2:14కు ఒకటి, ఆదివారం 3:40కి ఒకటి. రెండూ వేర్వేరు అడ్రసుల నుంచి వచ్చాయి. రెంటిలోనూ LEN=44, WINDOW=1024. ఎన్‌మ్యాప్ అనే ప్రసిద్ధ స్కానింగ్ ప్రోగ్రాము మామూలు వాలకం అది. ఎన్‌మ్యాప్ వాడినంత మాత్రాన దొంగ కాదు, విద్యార్థులూ వాడతారు. ఆ లైన్లను అలాగే చూస్తూ కూర్చుంటే ఇంకేమీ తెలియదు. కుర్రాడు ఆ రెండు SRC అడ్రసులను పట్టుకుని వారం లాగ్ అంతా వెతికాడు.

శుక్రవారం వచ్చినది అంతకుముందు కొన్ని గంటల నుంచీ ఉంది. సుమారు నలభై నిమిషాలకు ఒక్క పోర్టు చొప్పున తట్టింది: 1194, 1723, 4433, 8443, 10443, 3389, 3390, చివరికి 47113. వీటిలో ఎక్కువభాగం ఆఫీసులోకి బయట నుంచి రావడానికి వాడే వీపీఎన్‌లవీ రిమోట్ డెస్క్‌టాప్‌వీ. ఆదివారం వచ్చినది 2222, 5900, 5901, 9443 తట్టింది. మొదటిది వెతికిన పోర్టుల్లో 47113 తప్ప ఒక్కటీ రెండోది ముట్టుకోలేదు. పని పంచుకున్నట్టు ఉంది. ఇద్దరూ 26, 27ల వైపు కన్నెత్తి చూడలేదు. వరుసగా తడుముకుంటూ వచ్చేవాళ్లయితే 25 తర్వాత 26 రావాలి, లేదా ఎప్పుడో ఒకప్పుడు తగలాలి. 25కే వచ్చారంటే అడ్రసుల వరుసలోంచి రాలేదు, ఆఫీసు మెయిల్ పేరు ఏ అడ్రసును చూపిస్తుందో చూసుకుని వచ్చారు.

మరి 47113 వాళ్లకెలా తెలుసు? ఈ ప్రశ్న దగ్గర చాలామంది లోపలివాళ్లనే అనుమానిస్తారు. తొందరపడకూడదు. ఆ పోర్టు కొంతకాలం అందరికీ తెరిచి ఉంది కదా. షోడాన్ లాంటి జాబితాల్లో ఎప్పుడో ఎక్కి ఉంటుంది, ఎవరైనా వెతుక్కోవచ్చు. తలుపు ఇప్పుడు మూసినా, ఒకప్పుడు తెరిచి ఉన్నట్టు రాసిన కాగితం ఊళ్లో తిరుగుతూనే ఉంటుంది.

ఇక్కడిదాకా వచ్చింది బలమైన అనుమానం. దాన్ని తేల్చాల్సింది మాత్రం ఫైర్‌వాల్ ఆపిన చిట్టా కాదు, ఆపనిది. మెయిల్ పేజీ 443వ పోర్టు అందరికీ తెరిచే ఉండాలి కాబట్టి అక్కడికి వచ్చినవాళ్లు ఈ లాగ్‌లో కనిపించరు. కుర్రాడు మెయిల్ సర్వర్ లాగిన్ చిట్టా తీశాడు. అదే రాత్రుల్లో మూడో అడ్రసు నుంచి గంటకు ఒకటి రెండు చొప్పున తప్పు పాస్‌వర్డుతో ప్రయత్నాలున్నాయి. రొద తెచ్చే ప్రయత్నాల్లో పేర్లు ఎప్పుడూ admin, test, info లాంటివి. ఇక్కడ ఉన్నవి ఆఫీసులో పనిచేసేవాళ్ల అసలు పేర్లు, ఆఫీసు మెయిల్‌లో రాసుకునే తీరులోనే. అందులో ఒకరు ఈమధ్యే చేరినవారు. ఈ అడ్రసులో ఇంకెవరున్నా ఆ పేర్లతో ఎవరూ వచ్చి ఉండేవారు కాదు. ఆ మధ్యాహ్నానికల్లా అందరి పాస్‌వర్డులూ మార్చి, ఫోన్‌కు వచ్చే రెండో గుర్తింపు తప్పనిసరి చేసి, రిమోట్ డెస్క్‌టాప్‌ను వీపీఎన్ వెనక్కు నెట్టారు.

ఖాళీ అడ్రసులు లేనివాళ్లు ఏం చేయాలి? గ్రేనాయిజ్ అనే సంస్థ ప్రపంచమంతటా ఏ పనీ లేని సర్వర్లు పెట్టి వాటిని ఎవరెవరు తడుముతున్నారో రాసుకుంటుంది. అనుమానమున్న అడ్రసును దాని వెబ్‌సైటులో వెతికితే, అందరినీ తడిమేవాడో కాదో చెబుతుంది. అక్కడ ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. లేకపోతే, మీ దగ్గర మాత్రం పదే పదే కనబడుతుంటే, ఇంకాస్త శ్రద్ధగా చూడాలి. అలాగని దాన్నే తుది తీర్పు అనుకోకూడదు. వైరస్ సోకిన ఇంటి మెషీన్ ఒకటి అందరినీ తడుముతూనే, దాన్ని నడిపేవాడి మాట మీద మనల్ని ప్రత్యేకంగా చూసిపోవచ్చు.

SRC అడ్రసు ఫలానా దేశానిదని తేలగానే శత్రువు దొరికాడనుకోవడం ఇంకో తొందరపాటు. ఆపేసిన ప్యాకెట్‌కు మనం జవాబివ్వలేదు, కాబట్టి ఆ అడ్రసువాడే పంపాడనడానికి రుజువు లేదు. ఎన్‌మ్యాప్‌లోనే -D అని ఒక సదుపాయం ఉంది. అసలు అడ్రసుతో పాటు నాలుగైదు దొంగ అడ్రసులు కలిపి పంపుతుంది. వాటిలో ఏది నిజమో లాగ్ చెప్పలేదు. నిజమైన అడ్రసే అయినా అది అద్దె సర్వర్‌దో, ఎవరి ఇంట్లోదో పాడైన రూటర్‌దో అయి ఉంటుంది. ఎవరు అన్నది ఈ చిట్టాలో దొరకదు. దేనికోసం, ఎంత తెలుసుకుని వచ్చారన్నదే దొరుకుతుంది.

ఇంతకంటే ముఖ్యమైన లైన్లు చాలా ఆఫీసుల్లో పడనే పడవు. అవి బయటికి పోబోతూ ఆగిన ప్యాకెట్లవి. IN= ఖాళీగా ఉండి OUT=eth0 అని ఉంటుంది. యూఎఫ్‌డబ్ల్యూ మొదటి నుంచీ బయటికి పోయేదాన్నంతా వదిలేస్తుంది కాబట్టి వాటిని రాసే అవసరమే రాదు. సర్వర్ బయటికి ఎక్కడెక్కడికి పోవాలో ఒక జాబితా రాసి, మిగతావి ఆపేయమని పెట్టిన రోజు నుంచి ఆ లైన్లు పడతాయి. లోపలికి వచ్చే పదివేల టెల్నెట్ లైన్లను నేను చూడకుండా వదిలేస్తాను. మన సర్వర్ బయటి అడ్రసుల 23వ పోర్టును తట్టబోయిందని ఒక్క లైను పడినా ఆ పూట ఇంకే పనీ పెట్టుకోను. రొద పుట్టించే యంత్రాల్లో మనది కూడా చేరిందని దాని అర్థం.

మన దేశంలో ఈ తేడా తెలియడం చట్టం దృష్టిలోనూ అవసరమే. సైబర్ ఘటనలు చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం కంపెనీలూ ప్రభుత్వ సంస్థలూ కొన్ని రకాల ఘటనలను గమనించిన 6 గంటల్లోపు తెలియజేయాలి. ఆ జాబితాలో మొదటిదే కీలకమైన నెట్‌వర్కులనూ వ్యవస్థలనూ గురిపెట్టి చేసే స్కానింగ్. గురిపెట్టింది ఏదో, అందరికీ తగిలింది ఏదో విడదీయలేనివాళ్లు ఆ నిబంధనను పాటించలేరు. అయితే అన్నీ పంపుతారు, లేకపోతే ఏదీ పంపరు. పంపేటప్పుడు సర్వర్ గడియారం ఏ సమయంలో ఉందో రాయడం మరవకూడదు. అద్దె సర్వర్లు చాలావరకు అంతర్జాతీయ సమయంలో ఉంటాయి, మనకంటే ఐదున్నర గంటలు వెనక. లాగ్‌లో రాత్రి 10:10 అని ఉన్నది మన తెల్లవారుజాము 3:40.

అవే ఆదేశాలు లాగ్‌లను 180 రోజులు దాచమంటాయి. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ లాగ్‌ను వారానికోసారి మడిచి, నాలుగు పాత మడతలు మాత్రమే ఉంచేలా అమర్చి ఉంటుంది. అంటే ఒక నెలకు మించి వెనక్కు చూడలేం. నలభై నిమిషాలకు ఒక పోర్టు తట్టేవాడు రెండు నెలల కింద ఇంకేం తట్టాడో చూడాలంటే అప్పటికి చిట్టా ఉండదు. `/etc/logrotate.d/ufw` ఫైలు తెరిచి అందులో `rotate 4` అన్న చోట `rotate 26` అని మార్చితే 182 రోజులు నిలుస్తుంది.